కోల్డ్ స్టోరేజీ బెల్టు లెక్క: 12 కాదు, 10 కూడా పూర్తిగా కాదు

ప్రశ్న: సార్, నేను గుంటూరులో ఎమ్మెస్సీ స్టాట్స్ చదువుతున్నా. మా బాబాయి వాళ్ళ మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ బెల్టు సెట్టు ఒక్కోసారి 2 నెలలకే పోతుంది, ఒక్కోసారి 10 నెలలు వస్తుంది, మధ్యలో ఎప్పుడైనా పోవచ్చు. 5 ఏళ్ళలో ఎన్ని సెట్లు పోతాయో లెక్కేసి చెప్పమన్నాడు. ఒక సెట్టు ఆయుష్షు X నెలలు అనుకుని నేను 1/X కి సగటు తీసి 60 తో గుణిస్తే 12 వచ్చింది. ఫ్రెండేమో 60/6 = 10 అంటున్నాడు. ఏది కరెక్టు? ఇంకోటి, t నెలల్లో పోయిన సెట్లు N(t), దాని సగటు m(t), ఒక సెట్టు సగటు ఆయుష్షు μ అనుకుంటే, N(t)/t అనేది 1/μ కి వెళ్తుందని ఒకసారి ప్రూవ్ చేశాక m(t)/t కోసం మళ్ళీ వేరే థీరమ్ ఎందుకు?

జవాబు:

ముందు అంకె చెప్పేస్తా. 12 తప్పు. 10 దగ్గరగా ఉంది. కొత్త సెట్టు వేసిన రోజు నుంచి లెక్క మొదలుపెడితే మాత్రం 60 నెలల్లో సగటున పోయేవి 9.57 సెట్లు. ఇక్కడ బెల్టు ఆయుష్షు 2 నుంచి 10 నెలల మధ్య యూనిఫామ్ అని, ఒక బెల్టుకీ ఇంకో బెల్టుకీ సంబంధం లేదని, పోయిన వెంటనే కొత్తది వేసేస్తారని అనుకుంటున్నా, మీరు రాసిన దాన్ని బట్టి అంతకంటే తెలిసేదేమీ లేదు కాబట్టి.

మీ 12 ఎక్కడ చెడిందో చూద్దాం, ఎందుకంటే ఈ తప్పు చదువుకునే వాళ్ళే ఎక్కువ చేస్తారు, మీ బాబాయి దగ్గర పనిచేసే ఫిట్టర్ చెయ్యడు. రెండే బెల్టులు తీసుకోండి, ఒకటి 2 నెలలకి పోయింది, ఇంకోటి 10 నెలలు వచ్చింది. రెండూ కలిపి 12 నెలలు, అంటే ఏడాదికి 2 సెట్లు. మీ పద్ధతిలో మొదటి దాని రేటు నెలకి 0.5, రెండో దానిది 0.1, సగటు 0.3, అంటే ఏడాదికి 3.6 సెట్లు. రెండే బెల్టులు పోయినచోట 3.6 ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? 2 నెలల బెల్టు ఆ 12 నెలల్లో ఆరో వంతు టైమే మిషన్ మీద ఉంది, కానీ మీ సగటులో దానికి సగం బరువు ఇచ్చారు. రేటు అనేది టైముకి లెక్క, బెల్టుకి లెక్క కాదు. టైము ప్రకారం బరువులిచ్చి చూడండి, 0.5 × 2/12 + 0.1 × 10/12 చేస్తే 1/6 వస్తుంది, గొడవ తీరిపోతుంది. యూనిఫామ్‌కి E[1/X] = ln(5)/8 = 0.2012, దాన్ని 60 తో గుణిస్తే 12.07, అదే మీకొచ్చింది. 1/E[X] మాత్రం 1/6 = 0.1667. ఇలా చేసినప్పుడు తప్పు ఎప్పుడూ ఎక్కువ వైపుకే పోతుంది, 1/x గీత వంపు అలాంటిది (జెన్సెన్ ఇనీక్వాలిటీ చదివే ఉంటారు). అన్ని బెల్టులూ సరిగ్గా ఒకే కాలం వస్తే తప్ప రెండూ సమానం కావు.

ఇప్పుడు ఫ్రెండు చెప్పిన 1/μ. n వ బెల్టు పోయిన టైము S_n అనుకుంటే, t నెలలకి పోయినవి N(t) అయితే, S_N(t) ≤ t < S_N(t)+1. ఇక్కడ S_N(t)+1 అంటే N(t)+1 వ బెల్టు పోయిన టైము. పై వరసని N(t) తో భాగిస్తే ఎడమ పక్క S_N/N, అది స్ట్రాంగ్ లా వల్ల μ కి పోతుంది, కుడి పక్కదీ అంతే, మధ్యలో t/N(t) ఇరుక్కుని అదీ μ కే పోతుంది. తిరగేస్తే N(t)/t → 1/μ. ఇది మీకు తెలిసిందే, కాబట్టి ఇక్కడ ఆగను.

మీ రెండో ప్రశ్నే అసలు విషయం. N(t)/t ప్రాబబిలిటీ 1 తో 1/μ కి పోయినంత మాత్రాన దాని ఎక్స్‌పెక్టేషన్ కూడా అక్కడికే పోతుందని గ్యారంటీ లేదు. పుస్తకాల్లో ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణే చెప్తా, U ని 0, 1 మధ్య యూనిఫామ్‌గా తీసుకుని, U ≤ 1/n అయితే Y_n = n, లేకపోతే 0 అని పెట్టండి. U ఏదొచ్చినా ఒక n దాటాక Y_n అన్నీ సున్నాలే, కాబట్టి Y_n → 0. కానీ E[Y_n] = n × 1/n = 1, ప్రతి n కీ. అంటే చాలా అరుదుగా వచ్చే పెద్ద అంకె ఒకటి ఎక్స్‌పెక్టేషన్‌ని పైకి పట్టుకుని కూర్చుంది. మన బెల్టుల విషయంలో అలాంటిది జరగదని చూపించాలి కదా, అంటే "ఎప్పుడో ఒకసారి N(t) విపరీతంగా పెరిగిపోయి సగటుని లాగేస్తుందేమో" అన్న అనుమానం తీర్చాలి. ఎలిమెంటరీ రెన్యూవల్ థీరమ్ చేసే పని అదే. పేరులో ఎలిమెంటరీ అని ఉంది కానీ అందులో ఒక మలుపు ఉంది, పరీక్షలో మార్కులు పోయేది అక్కడే.

ఆ మలుపు వాల్డ్ సమీకరణం. అబ్రహాం వాల్డ్ 1944 లో ఇచ్చాడు, సీక్వెన్షియల్ టెస్టింగ్ పనిలో ఉన్నప్పుడు. ఎన్ని X లు కూడాలో చెప్పే సంఖ్య స్టాపింగ్ టైమ్ అయితే, అంటే ఎక్కడ ఆగాలో తర్వాతి X లు చూడకుండానే తేలిపోయేదైతే, దాని ఎక్స్‌పెక్టేషన్ ఫైనైట్ అయితే, మొత్తం యొక్క సగటు = μ × ఆ సంఖ్య సగటు. మన దగ్గర N(t) స్టాపింగ్ టైమ్ కాదు, N(t)+1 అవుతుంది. చాలామంది దీన్ని బట్టీ పట్టేస్తారు, కారణం మాత్రం సింపులే. 60 నెలల్లో సరిగ్గా 9 సెట్లు పోయాయని ఎప్పుడు తెలుస్తుంది? తొమ్మిదోది 57 వ నెలలో పోయిందనుకోండి, అప్పుడే చెప్పలేం, పదోది కూడా 60 లోపే పోవచ్చు (2 నెలలకే పోతే 59 కే అయిపోయింది). పదో దాని ఆయుష్షు చూస్తే గానీ N = 9 అని తేలదు, అంటే 9 తో ఆగడానికి పదోదాన్ని చూడాల్సొస్తుంది, అది రూల్‌కి విరుద్ధం. N+1 అయితే "60 దాటించిన మొదటి బెల్టు ఎన్నోది" అన్నమాట, ఆ బెల్టు పోగానే తెలిసిపోతుంది, తర్వాతి వాటిని చూసే పనే లేదు.

కాబట్టి E[S_N(t)+1] = μ (m(t) + 1). ఇప్పుడు ఇక్కణ్ణుంచి దారి సులువు. S_N+1 ఎప్పుడూ t కన్నా ఎక్కువే, కాబట్టి μ(m+1) > t, అంటే m > t/μ − 1. ఇది కింది హద్దు. పైకి, మన బెల్టు 10 నెలలకి మించి రాదు కాబట్టి S_N+1 అనేది t + 10 దాటదు, అంటే m ≤ (t+10)/μ − 1. అంకెలు పెడితే 9 < m(60) ≤ 10.67. చూశారా, లిమిట్ దాకా పోకుండానే 60 నెలలకే గట్టి హద్దులు వచ్చేశాయి, మీ 12 ఆ హద్దు బయటే ఉంది! t తో భాగించి t ని పెంచుకుంటూ పోతే రెండు హద్దులూ 1/μ కే వస్తాయి. ఆయుష్షుకి పై హద్దు లేకపోతే ఒక M దగ్గర కత్తిరించాలి, అంటే M నెలలు వచ్చిన బెల్టుని బాగున్నా తీసేస్తున్నట్టు ఊహించుకోవాలి. అలా చేస్తే మార్పులు ఎక్కువవుతాయి గానీ తగ్గవు, కాబట్టి అసలు m దానికంటే కిందే ఉంటుంది, తర్వాత M ని పెంచుకుంటూ పోతే కత్తిరించిన సగటు μ కి వస్తుంది. ప్రూఫ్ అంతే.

సరే, మరి 9.57 ఎక్కడిది? పై సమీకరణంలోనే ఉంది. S_N+1 అంటే 60 + (60 వ నెల నాడు మిషన్ మీదున్న బెల్టు ఇంకా ఎంత కాలం వస్తుందో అది). ఆ మిగిలిన ఆయుష్షు సగటు, t పెద్దదయ్యాక, E[X²]/(2μ) కి వెళ్తుంది. మనకి వేరియన్స్ σ² = 64/12 = 5.33, E[X²] = 36 + 5.33 = 41.33, కాబట్టి మిగిలిన ఆయుష్షు సగటు 41.33/12 = 3.44 నెలలు. అప్పుడు m = 63.44/6 − 1 = 9.57. అక్షరాల్లో రాస్తే

m(t) ≈ t/μ + (σ² − μ²)/(2μ²)

మన చివరి ముక్క (5.33 − 36)/72 = −0.43. t ఎంత పెరిగినా ఈ −0.43 అలాగే ఉంటుంది, t తో భాగిస్తే కనిపించకుండా పోతుంది, అందుకే m(t)/t థీరమ్‌లో దాని జాడ ఉండదు. "రేటు కరెక్టు కదా, కాబట్టి లెక్క కూడా కరెక్టే" అనుకుంటే సగం బెల్టు తేడా వస్తుంది. ఐదేళ్ళకి అది చిన్నదే, ఏడాదికి అయితే చిన్నది కాదు. ఏడాదికి ఎగ్జాక్ట్‌గా కూడా కట్టొచ్చు, m(12) అంటే P(S_n ≤ 12) లన్నీ కూడడమే: 1 + 0.5 + 0.0703 + 0.0026 + దాదాపు సున్నా = 1.573. ఫార్ములా ఇచ్చేది 2 − 0.426 = 1.574. ఏడాదికే ఇంత దగ్గరగా కూర్చుంది, 60 నెలలకి ఇక చెప్పేదేముంది. 60/6 లాగా 12/6 = 2 అనుకుని ఉంటే పావు వంతు పైనే ఎక్కువ చెప్పినట్టు.

పైన 3.44 చూసి ఒక అనుమానం రావాలి. బెల్టు సగటు ఆయుష్షు 6 నెలలు కదా, ఏదో ఒక రోజు వెళ్ళి చూస్తే సగం అయిపోయి ఇంకో 3 మిగిలుండాలి కదా? 3.44 ఎందుకు? ఎందుకంటే మీరు వెళ్ళిన రోజు మిషన్ మీద పొడుగు బెల్టు ఉండే ఛాన్సు ఎక్కువ, అది ఎక్కువ కాలం మిషన్ మీద ఉంటుంది కాబట్టి. ఆ బెల్టు మొత్తం ఆయుష్షు సగటు 41.33/6 = 6.89 నెలలు. మీరు 1/X తో చేసిన తప్పుకి ఇది అద్దంలో బొమ్మ, అక్కడ పొట్టి బెల్టుకి ఎక్కువ బరువిచ్చారు, ఇక్కడ కాలమే పొడుగు బెల్టుకి ఎక్కువ బరువిస్తుంది. వాల్డ్‌ని N తో తప్పుగా వాడితే ఎంత తేడా వస్తుందో కూడా దీంతో తేలుతుంది: 60 వ నెల నాటికి మిషన్ మీద ఉన్న బెల్టు వయసు సగటు కూడా 3.44, కాబట్టి E[S_N] = 56.56, దాన్ని 6 తో భాగిస్తే 9.43. అసలుది 9.57. తేడా చిన్నదే గానీ తప్పు తప్పే.

నా లెక్క నమ్మకం కుదరకపోతే పైథాన్‌లో రెండు నిమిషాల పని:

```python
import random

def count(t):
    s, n = 0, 0
    while True:
        s += random.uniform(2, 10)
        if s > t:
            return n
        n += 1

runs = 200000
print(sum(count(60) for _ in range(runs)) / runs)
```

9.57 చుట్టుపక్కలే వస్తుంది, మూడో దశాంశం రన్‌కో రకంగా ఉంటుంది, అది పట్టించుకోవద్దు.

ఇప్పుడు ఫ్రెండుకి కూడా కొంచెం న్యాయం చేద్దాం. కొత్త బెల్టుతో మొదలుపెట్టకుండా, ఎప్పటినుంచో నడుస్తున్న ప్లాంటులో ఏదో ఒక తారీకు, ఉదాహరణకి ఏప్రిల్ 1 న లెక్కల పుస్తకం తెరిచి అక్కణ్ణుంచి 60 నెలలు లెక్కపెడితే, మొదటి బెల్టు అప్పటికే సగం వాడేసిందై ఉంటుంది కదా, అప్పుడు సగటు సరిగ్గా 10, ఏ సవరణా అక్కర్లేదు. దూరంగా ఉన్న ఏ 12 నెలలు తీసుకున్నా సగటు 2 కి వెళ్తుందనే బ్లాక్‌వెల్ థీరమ్ (1948) కూడా ఇదే మాట చెప్తుంది. కాబట్టి మీ బాబాయిని ముందు అడగాల్సింది "ఎప్పటి నుంచి లెక్క?" అని. బెల్టు మార్చిన రోజు నుంచి అంటే 9.57, ఆర్థిక సంవత్సరం నుంచి అంటే 10. ఒక మెలిక ఉంది: ప్రతి నెలా ఒకటో తారీకునే చూసి అప్పుడే మారుస్తాం అనే పద్ధతి ఉంటే ఆయుష్షులన్నీ పూర్తి నెలలే అవుతాయి, దాన్ని లాటిస్ కేసు అంటారు, అప్పుడు రేటు 1/μ మారదు గానీ పైన రాసిన −0.43 అలాగే వాడకూడదు, దానికి వేరే సవరణ ఉంది.

ఇక బాబాయికి నిజంగా కావాల్సింది సగటు కాదు, ఎన్ని సెట్లు కొని పెట్టుకోవాలి అన్నది. సగటు 9.57 అని 10 కొంటే సరిపోతుందా? N(t) వేరియన్స్ పెద్ద t కి σ²t/μ³ లాగా ఉంటుంది, మనకి 5.33 × 60/216 = 1.48, స్టాండర్డ్ డీవియేషన్ 1.22. ఇంకా నేరుగా చూడాలంటే, కనీసం n సెట్లు పోవడం అంటే S_n ≤ 60 అవడమే. 11 వ సెట్టు 60 లోపు పోవాలంటే, S_11 సగటు 66, డీవియేషన్ 7.66, నార్మల్ టేబుల్‌లో దాదాపు 22 శాతం. అంటే 10 మాత్రమే స్పేర్ ఉంటే అయిదింట ఒకసారి చివర్లో బెల్టు లేక కూర్చోవాలి. 11 ఉంటే ఆ ప్రమాదం 7 శాతానికి దిగుతుంది, 12 ఉంటే 1.5 శాతం. ఇవి మొదట వేసిన సెట్టు కాకుండా స్పేర్లు. తమాషా ఏంటంటే మీరు తప్పుగా కట్టిన 12 కొనడానికి మంచి అంకె, కానీ ఆ దారిలో వచ్చింది కాబట్టి కాదు. అయితే రబ్బరు కాబట్టి 12 సెట్లూ ఒకేసారి కొని ఐదేళ్ళు గోడౌన్‌లో పెట్టమని నేను చెప్పను, రెండు మూడు చేతిలో ఉంచుకుని విజయవాడ ఆటోనగర్ నుంచో గుంటూరు నుంచో తెప్పించుకుంటూ ఉంటే చాలు, 12 అనేది బడ్జెట్‌కి.

చివరిగా డేటా సంగతి, ఎందుకంటే 2 నుంచి 10 యూనిఫామ్ అన్నది మీ బాబాయి నోటి మాట. లాగ్‌బుక్ ఉంటే μ ని అందులోంచి తియ్యండి, కానీ పూర్తిగా పోయిన బెల్టులు మాత్రమే తీసుకుని సగటు కట్టి, ఇప్పుడు నడుస్తున్న దాన్ని వదిలేస్తే μ తక్కువ వస్తుంది, వదిలేసేది పొడుగుదయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి. మొత్తం నెలల్ని (నడుస్తున్న దాని నెలలతో సహా) పోయిన సెట్ల సంఖ్యతో భాగించండి, పైన N(t)/t చెప్పింది అదే. తర్వాత ఆయుష్షుల్ని వరసలో గీసి చూడండి. 8, 7, 7, 5, 4, 3 అని దిగుతూ ఉంటే అది రెన్యూవల్ ప్రాసెస్ కాదు, పుల్లీ గాడి అరిగిపోవడమో మోటారు, కంప్రెసర్ లైన్‌లో లేకపోవడమో అయ్యుంటుంది, ప్రతి కొత్త బెల్టూ పాత జబ్బునే మోస్తోంది, 1/μ లో μ అనేదే లేదు అప్పుడు. పుల్లీ సరిచేయించి అక్కణ్ణుంచి కొత్తగా లెక్క మొదలుపెట్టాలి. వేసవిలో సరుకు దిగి లోడు పెరిగినప్పుడే బెల్టులు గబగబా పోతున్నా ఇండిపెండెంట్, ఒకే డిస్ట్రిబ్యూషన్ అన్న మాట నిలబడదు, అలాంటప్పుడు బెల్టు ఆయుష్షుని నెలల్లో కాకుండా కంప్రెసర్ నడిచిన గంటల్లో కొలిస్తే చాలావరకు సర్దుకుంటుంది, అవర్ మీటర్ రీడింగు బెల్టు మార్చిన రోజు పక్కనే రాయమని ఆపరేటర్‌కి చెప్పండి.

ఇంకోటి, బెల్టు పోయాక కొత్తది వచ్చేదాకా వారం ఆగితే సైకిల్ 6 కాదు, ఆరుంపావు నెలలు దాకా అవుతుంది, అప్పుడు రేటు 1/6.25, 60 నెలల్ని దాంతో భాగిస్తే 9.6, సవరణ దీనికి మళ్ళీ కట్టుకోవాలి. కానీ మిర్చి లోపల పెట్టుకుని వారం కంప్రెసర్ ఆపుకునే వాళ్ళెవరూ ఉండరు లెండి, స్టాండ్‌బై ఉంటుంది. స్టాండ్‌బై మీద నడిచిన రోజుల్లో ఈ బెల్టుకి వయసు పెరగదు, అది కూడా గంటల లెక్కలోనే సరిగ్గా దొరుకుతుంది.